ఆరు లక్షల ఆఫర్‌లో నెలకు చేతికొచ్చేది ఎంత?

ఖమ్మానికి చెందిన మా మేనల్లుడికి ఈమధ్య హైదరాబాద్ కంపెనీ నుంచి ఆఫర్ మెయిల్ వచ్చింది. రెండేళ్ల అనుభవం, కొత్త హోదా, ఏడాదికి ఆరు లక్షల సీటీసీ, అంటే కంపెనీ వాడి మీద పెట్టే మొత్తం ఖర్చు. మెయిల్ చూసిన పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "మామయ్యా, నెలకు యాభై వేలు కదా? గచ్చిబౌలిలో హాస్టల్ మానేసి రూమ్ తీసుకోవచ్చు కదా?" అన్నాడు. అటాచ్‌మెంట్ తెరిచి జీతం అనుబంధం చూడమన్నాను. చూశాక కాసేపు మాట్లాడలేదు.

నేను చాలా ఏళ్లుగా నియామకాల పనిలోనే ఉన్నాను. ఇలాంటి మెయిళ్లు నేనూ వందలకొద్దీ పంపాను. అందుకే చెబుతున్నా. మెయిల్‌లో పెద్దక్షరాలతో కనిపించే అంకెతో ఎవరూ అద్దె కట్టలేరు. అద్దె కట్టేది నెలాఖరున బ్యాంకులో పడే అంకెతో. దాన్ని మాత్రం మెయిల్‌లో ఎక్కడా రాయరు.

వాడి లెక్కే చూద్దాం. ఆరు లక్షల్లో సగం బేసిక్, అంటే నెలకు 25,000. సగం ఉండటానికి కారణం ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కగట్టాలి. అందుకే చాలా కంపెనీలు బేసిక్‌ను సగానికి తెచ్చి పెడుతున్నాయి. ఇప్పుడు ఆ ఆరు లక్షల్లోంచి కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్, బేసిక్‌లో 12 శాతం, ఏడాదికి 36,000 పోతుంది. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే 14,430 పోతుంది. ఇది పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు పనిచేశాకే వచ్చే డబ్బు. ఆరోగ్య బీమా ప్రీమియం 11,970. వేరియబుల్ పే 60,000, అదీ ఏడాది చివర రేటింగ్‌ను బట్టే. ఇవన్నీ తీసేస్తే నెలకు 39,800 మిగిలింది. అందులోంచి మళ్లీ వాడి వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 కోస్తారు. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు. చేతికొచ్చేది 36,600.

యాభై వేలు అనుకున్నవాడికి పదమూడు వేలకు పైగా తేడా! ఇందులో మోసం ఏమీ లేదు, ప్రతి రూపాయికీ లెక్క ఉంది. పీఎఫ్ డబ్బు వాడిదే, ఎక్కడికీ పోదు. కానీ ఆ లెక్క వేసుకోవాల్సిన భారం, జీవితంలో రెండోసారి ఆఫర్ అందుకుంటున్న కుర్రాడి మీద పడింది. హెచ్ఆర్ దగ్గర మాత్రం ఆ ఎక్సెల్ షీట్ అప్పటికే తయారుగా ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఆరు లక్షలకు ఇంకో కంపెనీ పీఎఫ్‌ను చట్టంలోని 15,000 వేతన పరిమితి మీదే లెక్కిస్తే, కంపెనీ వాటా నెలకు 1,800, ఉద్యోగి వాటా 1,800 అవుతాయి. అప్పుడు చేతికి 39,000 వస్తుంది. సీటీసీ ఒకటే, చేతికొచ్చే దాంట్లో తేడా నెలకు 2,400. రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టుకుని సీటీసీలు పోల్చుకుంటే ఇది కనపడదు. అందుకే ఆఫర్ మెయిల్‌లోనే ఒక్క వాక్యం ఉండాలంటాను: "పీఎఫ్, వృత్తి పన్ను పోను, వేరియబుల్ కలపకుండా, నెలకు మీ ఖాతాలో పడేది సుమారు 36,600 రూపాయలు." ఈ అంకె చూసి కొందరు వెనక్కి తగ్గుతారేమోనన్న భయం కంపెనీలకు ఉంటుంది, తెలుసు. కానీ మొదటి పే స్లిప్ చూసి మూడో నెలలో మానేసేవాళ్లకంటే, చేరకముందే వద్దనేవాళ్లు కంపెనీకి తక్కువ ఖర్చు.

జాయినింగ్ తేదీ దగ్గర మెయిల్ ఇంకా కఠినంగా ఉంటుంది. మా వాడికి వచ్చిన మెయిల్‌లో మూడు రోజుల్లో అంగీకారం తెలపాలని, ముప్పై రోజుల్లో చేరాలని, చేరే రోజున పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ తేవాలని ఉంది. వాడి పాత కంపెనీ నోటీస్ పీరియడ్ అరవై రోజులు. పోనీ మేనేజర్ దయతలచి ముప్పైకి ఒప్పుకున్నాడే అనుకుందాం. చాలా కంపెనీల్లో రిలీవింగ్ లెటర్ చివరి రోజున రాదు. ల్యాప్‌టాప్ అప్పగించి, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క తేలాకే వస్తుంది. దానికి కొన్ని వారాలు పడుతుంది. అంటే మెయిల్ అడిగిన కాగితం ఆ రోజుకి పుట్టనే పుట్టదు. ఈ సంగతి మెయిల్ రాసినవాళ్లకూ తెలుసు. ఎందుకంటే తమ దగ్గర మానేసినవాళ్లకు వాళ్లూ అలాగే ఆలస్యంగా ఇస్తారు. చేరే రోజున రాజీనామాను ఆమోదించిన మెయిల్ చాలు, రిలీవింగ్ లెటర్ 45 రోజుల్లో ఇవ్వండి అని రాస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

తేదీ ఎంత ముఖ్యమో మనవాళ్లు కళ్లారా చూశారు. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లలో కొందరికి జాయినింగ్ పిలుపు 2024లో గానీ రాలేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షలకు ఎంపికై ఎదురుచూస్తున్నవాళ్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. ఇంట్లో స్వీట్లు పంచేసి, బంధువులకు చెప్పేసి, వేరే ఆఫర్ వదులుకున్న పిల్లలు వాళ్లు. చేరే తేదీ వెనక్కి జరిగితే ఎంతవరకు జరగొచ్చు, జరిగితే జీతం మారుతుందా లేదా అన్నది మెయిల్‌లో రాసి ఉండాలని నేను పట్టుబట్టేది వాళ్లను చూశాకే.

ఇక కాగితాలు. అంగీకారం తెలపడానికి నిజంగా కావాల్సింది సంతకం చేసిన ఆఫర్ లెటర్ ఒక్కటే. పాన్, పీఎఫ్ నంబరైన యూఏఎన్, బ్యాంకు ఖాతా వివరాలు జీతం వేయడానికి. మార్కుల మెమోలు, పాత కంపెనీ పే స్లిప్పులు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి. అన్నీ ఒకే జాబితాలో, ఒకే గడువుతో అడిగేసరికి, ఇంకా ఒప్పుకోని ఉద్యోగానికి ఆధార్ కాపీ కూడా వెళ్లిపోతోంది. ఇవ్వక తప్పకపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఉడాయ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే మాత్రం ఒప్పుకోవద్దు. తిరిగిస్తామని చెప్పి డిపాజిట్ అడిగే మెయిల్ ఆఫర్ కాదు, దోపిడీ.

ఆఫర్‌లో మార్పు కావాలంటే అది సంతకానికి ముందే అడగాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం షరతుల్లేకుండా ఉండాలి. "ఒప్పుకుంటున్నాను, కానీ తేదీ మార్చండి" అంటే చట్టం దృష్టిలో ఇంకా ఒప్పుకున్నట్టు కాదు. అందుకే మావాడితో అంగీకారానికి ముందు మూడు ప్రశ్నలతో జవాబు రాయించాను. నెలకు చేతికొచ్చేది ఎంత? అరవై రోజుల తర్వాత చేరొచ్చా? రిలీవింగ్ లెటర్ బదులు ఆ రోజుకి ఏది చాలు? అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని వాడు చాలా భయపడ్డాడు. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. అడిగిన తేదీకి ఒప్పుకున్నారు, రాజీనామా ఆమోదం మెయిల్ చాలన్నారు, 36,600 అని అంకె కూడా రాసిచ్చారు. ఆ మెయిల్ ప్రింట్ తీసి పెట్టుకున్నాకే వాడు పాత కంపెనీలో రాజీనామా పెట్టాడు. రూమ్ ఆలోచన మానుకుని హాస్టల్లోనే ఉన్నాడు.