పీఈ 4 కనిపిస్తే సంబరపడే ముందు

2022 మే మొదటి వారంలో గుంటూరు నుంచి మా బావమరిది ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. టాటా స్టీల్ షేరు ధర 1,300 రూపాయల దగ్గర ఉంది. దాని కింద పీఈ రేషియో 4కి కాస్త తక్కువ. "బావా, పెద్ద కంపెనీ, నాలుగేళ్ల లాభంతో షేరు ధర మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. పైగా షేరుకు 51 రూపాయల డివిడెండ్ ఇస్తున్నారు. ఇంతకంటే చవక ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. అడిగిన దాంట్లో లెక్క తప్పేమీ లేదు. అయినా ఆ షేరు చవక అని ఆ లెక్క చెప్పడం లేదు. ఎందుకో అప్పుడు ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. మార్కెట్లోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట నేర్చుకునేది పీఈ, మొదట మోసపోయేదీ పీఈ దగ్గరే.

పీఈ అంటే షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చిన ఏడాది లాభంతో భాగించడం. ఆ లాభాన్నే ఈపీఎస్ అంటారు. 2021-22లో టాటా స్టీల్ నికర లాభం సుమారు 41,750 కోట్లు, ఈపీఎస్ సుమారు 332 రూపాయలు. 1,300ను 332తో భాగిస్తే 3.9. భిన్నంలో పైన ఉన్న ధర ఈ రోజుది. కింద ఉన్న లాభం గడిచిపోయిన ఏడాదిది. రేపు కూడా అంతే లాభం వస్తుందని మనసులో అనుకుంటేనే "నాలుగేళ్లలో డబ్బు వెనక్కి" అన్న మాటకు అర్థం ఉంటుంది. సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీ విషయంలో అలా అనుకోవడం పెద్ద తప్పు కాదు, అక్కడ లాభం ఏటేటా మెల్లగా కదులుతుంది. ఉక్కు కంపెనీ లాభం అలా కాదు.

ఇది గుంటూరు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మిర్చి ధర ఆకాశంలో ఉన్న ఏడాది వచ్చిన రాబడిని చూసి ఎవరైనా ఎకరం ధర కడతారా? ఆ ఒక్క ఏడాది లెక్కతో నాలుగేళ్లలో పొలం డబ్బు వచ్చేస్తుందంటే ఊళ్లో పెద్దవాళ్లు నవ్వుతారు. మంచి ఏడాది, చెడ్డ ఏడాది, వానలు లేని ఏడాది అన్నీ కలిపి సగటు చూసుకుంటారు. షేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ తెలివిని పక్కన పెట్టి ఫోన్ స్క్రీన్ మీద అంకెను నమ్మేస్తాం.

ఉక్కులో లాభం ఎంత వేగంగా కదులుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. టన్ను ఉక్కు 75 వేలకు అమ్ముడవుతోంది, తయారీకి 55 వేలు ఖర్చవుతోంది అనుకుందాం. టన్నుకు 20 వేల లాభం. ఇప్పుడు ధర అయిదో వంతు తగ్గి 60 వేలకు వచ్చింది, ఖర్చు మాత్రం అంతే ఉంది. లాభం 5 వేలు. ధర తగ్గింది 20 శాతమే, లాభం మాత్రం 75 శాతం పోయింది. కొలిమిని ధర తగ్గిందని ఆపేయలేరు, జీతాలు, వడ్డీలు ఆగవు. కోకింగ్ బొగ్గు చాలావరకు విదేశాల నుంచి కొనాలి, దాని ధర మన చేతిలో ఉండదు. అది పెరిగిన ఏడాది దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది.

2022లో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఉక్కు, బొగ్గు ధరలు రెండూ ఎగిశాయి. దేశంలో ఉక్కు మరీ ప్రియమైందని కేంద్ర ప్రభుత్వం మే 22 నుంచి చాలా రకాల ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేసింది. మర్నాడు సోమవారం ఒక్క రోజులోనే టాటా స్టీల్ షేరు 12 శాతం పైగా పడింది. జూన్‌లో 900 దిగువకు వచ్చింది. నవంబర్‌లో ప్రభుత్వం ఆ సుంకాన్ని ఎత్తేసింది కానీ అప్పటికి ఉక్కు ధరలు దిగిపోయి ఉన్నాయి. 2022-23లో కంపెనీ నికర లాభం సుమారు 8,075 కోట్లు. అంటే ముందటి ఏడాది వచ్చిన దాంట్లో అయిదో వంతు కూడా లేదు. ఆ మరుసటి ఏడాది 2023-24లో ఏకంగా 4,900 కోట్ల నష్టం.

ఇప్పుడు పీఈ ఎలా నడిచిందో చూడండి. 2022 జూలై చివర్లో ఒక్కో షేరును పదిగా విభజించారు కాబట్టి పాత ధరలను పదితో భాగించి చెబుతాను. 2022 మార్చిలో ధర 130, పీఈ 4. 2023 మార్చిలో ధర 104, ఈపీఎస్ 7 రూపాయల చిల్లర, పీఈ 14 పైన. ధర తగ్గినా పీఈ ప్రకారం షేరు మూడింతలకు పైగా ప్రియమైంది! 2024 మార్చిలో ధర 155, కానీ నష్టం వచ్చింది కాబట్టి అసలు పీఈనే లేదు. పీఈని నమ్ముకున్నవాడు 130 దగ్గర సంతోషంగా కొంటాడు, 104 దగ్గర ప్రియమని వెనక్కి తగ్గుతాడు. చేయాల్సింది దాదాపుగా దానికి వ్యతిరేకం. ఉక్కు, సిమెంటు, చక్కెర, అల్యూమినియం లాంటి రంగాల్లో లాభం శిఖరాన ఉన్నప్పుడే పీఈ అతి తక్కువగా కనిపిస్తుంది. ఆ లాభం నిలవదని మార్కెట్‌కు ముందే తెలుసు, అందుకే ధరను అంతకు మించి పెంచదు. పీఈ 4ను చూసి "మార్కెట్ గమనించలేదు" అనుకోకండి. అప్పుడు మార్కెట్ గమనించిన విషయాన్నే మనం గమనించలేదు.

ఆ విభజన దగ్గర ఇంకో చిన్న ప్రమాదం ఉంది. విభజన జరిగిన రోజుల్లో ధర 100 దగ్గరకు మారిపోతుంది, కానీ ఏదైనా యాప్ పాత ఈపీఎస్ 332ను సరిచేయకుండా వదిలేస్తే పీఈ 0.3 అని చూపిస్తుంది. బోనస్ షేర్లు ఇచ్చినప్పుడూ ఇదే జరగవచ్చు. నమ్మశక్యం కాని అంకె కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఆ అంకెనే.

మరి ఏ లాభాన్ని తీసుకోవాలి? నా పద్ధతి చెబుతాను. ఇలాంటి కంపెనీకి కనీసం నాలుగైదేళ్ల ఈపీఎస్ పక్కపక్కన రాసుకుంటాను. టాటా స్టీల్‌కు విభజన తర్వాతి లెక్కలో 2020-21 నుంచి వరసగా 6.4, 33.2, 7.2, ఆ తర్వాత మైనస్ 3.6. సగటు 11కు కాస్త తక్కువ. 2022 మార్చి నాటి 130 ధరను దీంతో భాగిస్తే 12 వస్తుంది. అప్పట్లో చివరి రెండేళ్ల అంకెలు ఎవరికీ తెలియవు, నిజమే. కానీ అంతకు ముందు ఏళ్లు తీసుకున్నా 33 అన్నది ఎంత అసాధారణమో కంటికి కనిపించేది. ఆ ఒక్క పని చేసి ఉంటే చాలు, "అతి చవక" అన్న మాట నోటికి వచ్చేది కాదు.

ఇంకో విషయం. అదే కంపెనీకి అదే ఏడాది రెండు రకాల లాభాలు ఉంటాయి. మాతృసంస్థది మాత్రమే లెక్కిస్తే స్టాండలోన్, అనుబంధ సంస్థలన్నీ కలిపితే కన్సాలిడేటెడ్. 2023-24లో టాటా స్టీల్ స్టాండలోన్ లెక్కలో సుమారు 4,800 కోట్ల లాభం ఉంది. కన్సాలిడేటెడ్‌లో నష్టం. ఆ తేడా ఎక్కువగా బ్రిటన్, నెదర్లాండ్స్ వ్యాపారాలది. బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో పాత బ్లాస్ట్ ఫర్నేసులు మూసేయాలని నిర్ణయించడంతో పెద్ద మొత్తంలో ఒక్కసారి ఖర్చు కూడా పుస్తకాల్లోకి వచ్చింది. షేరు కొన్నవాడికి అన్నిట్లోనూ వాటా ఉంటుంది కాబట్టి చూడాల్సింది కన్సాలిడేటెడ్. ఇది ఎంత తేడా తెస్తుందో నిఫ్టీయే సాక్షి. 2021 మార్చి చివరిలో ఎన్‌ఎస్‌ఈ నిఫ్టీ పీఈని స్టాండలోన్ నుంచి కన్సాలిడేటెడ్ లెక్కకు మార్చింది. 40 దగ్గర ఉన్న పీఈ ఒక్క రోజులో 33 దగ్గరకు దిగింది. ఆ రోజు మార్కెట్ పడింది ఒక శాతమే, మిగతాదంతా లెక్క మారడం వల్లే. పాత పీఈ చార్టులతో ఇప్పటి పీఈని పోల్చేవాళ్లు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి.

పీఈ పనిచేయని చోట రెండు కొలతలు కొంతవరకు ఆదుకుంటాయి. ఒకటి పుస్తక విలువ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేశాక వాటాదారులకు మిగిలేది. షేరు ధర దానికి ఎన్ని రెట్లో చూస్తారు. లాభం ఎగిరిపడినంతగా పుస్తక విలువ ఎగిరిపడదు, అందుకే బ్యాంకులకూ ఉక్కు కంపెనీలకూ ఇది బాగా పనికొస్తుంది. 2020 మార్చిలో కరోనా భయంలో టాటా స్టీల్ పుస్తక విలువలో సగం కంటే తక్కువకు దొరికింది. 2022 మార్చిలో దాదాపు 1.4 రెట్లు. ఏది చవక రోజో పీఈ కంటే ఇది నిజాయితీగా చెప్పింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మాత్రం ఇది పెట్టి చూడకండి, అక్కడ అసలు ఆస్తి సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్లిపోతుంది.

రెండోది అప్పును కూడా లెక్కలోకి తెచ్చే కొలత. కంపెనీ మార్కెట్ విలువకు నికర అప్పు కలిపి, ఆ మొత్తాన్ని వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభంతో, అంటే ఎబిటాతో భాగిస్తారు. ఇల్లు కొనేటప్పుడు దాని మీదున్న లోన్‌ను కూడా ధరలో కలుపుకున్నట్టే. టాటా స్టీల్‌కు 2022 మార్చిలో ఇది 3 పైన, 2024 మార్చిలో 11 పైన ఉంది. నష్టం వల్ల పీఈ మాయమైన ఏడాది కూడా ఇది ఒక అంకె చెప్పగలిగింది. అయితే శిఖరాన ఉన్న ఎబిటాను పెడితే ఇది కూడా పీఈలాగే చవక అని చెబుతుంది, 2022లో చెప్పింది కూడా అదే.

మొన్న గుంటూరు వెళ్లినప్పుడు ఈ నాలుగేళ్ల అంకెలూ ఒక కాగితం మీద రాసి బావమరిదికి చూపించాను. వాడు 33 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు. కాసేపు ఆగి, "మరి పీఈ 12 అయితే చవకా, ప్రియమా బావా?" అని అడిగాడు. అది చెప్పాలంటే రాబోయే రెండు మూడేళ్లలో టన్ను ఉక్కు ఎంతకు అమ్ముడవుతుందో, చైనా ఎంత ఎగుమతి చేస్తుందో నీకొక అంచనా ఉండాలి అన్నాను. పెన్ను పక్కన పెట్టి, "నాకు మిర్చి ధరే తెలియదు వచ్చే ఏడాది" అన్నాడు.