కుర్చీలు నిండితే కోరం అయిపోదు

“మహాజన సభ మొదలుపెట్టడం చాలా ఈజీ. దీపం వెలిగించండి, ఆఫీసు బేరర్లను వేదిక మీదకు పిలిచి శాలువాలు కప్పండి. హాలు నిండితే కోరం ఉన్నట్టే. నిండకపోతే అరగంట ఆగి ఉన్నవాళ్లతో కానిచ్చేయండి, అప్పుడు ఏ తీర్మానమైనా చెల్లుతుంది. ఎజెండా మొత్తం చదివి టైమ్ వేస్ట్ చేయొద్దు, ‘అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు’ అని ఒక్క లైను పెడితే అన్నీ అందులోకి వచ్చేస్తాయి. మీకు తెలిసిన ప్రతి సొసైటీ సెక్రటరీకి పంపండి.”

ఈ మెసేజ్ ఈ నెలలో నాకు ఆరుసార్లు వచ్చింది. గాజువాక నుంచి ఒక మిత్రుడు, మధురవాడ నుంచి ఇద్దరు, చివరికి మా సంఘంలోనే డైరెక్టర్‌గా ఉన్నాయన కూడా పంపారు. “బాగుంది కదా సార్, ఈసారి ఇలాగే చేసేద్దాం” అని కింద ఒక ముక్క కూడా రాశారు. పొదుపు పరపతి సంఘంలో పదకొండేళ్లు సెక్రటరీగా చేసినవాణ్ణి, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

దీపం, శాలువాల సంగతి మీ ఇష్టం. వెలిగించినా వెలిగించకపోయినా సభకు వచ్చే నష్టం లేదు.

హాలు నిండడం గురించి చెప్పాలి. మొన్నటి సభకు మా హాల్లో వంద కుర్చీలు వేయించాం. పదింటికల్లా నాలుగు తప్ప అన్నీ నిండాయి. ఈ మెసేజ్ ప్రకారమైతే కోరం దాటేసినట్టే. మాకు ఓటు హక్కున్న సభ్యులు 375 మంది. మా బైలాలో కోరం అందులో అయిదో వంతు, అంటే 75. రిజిస్టర్ తెరిచి సంతకాలు లెక్కపెడితే తేలింది 61. మిగతా 35 మంది ఎవరు? తండ్రికి ఒంట్లో బాగోలేదని వచ్చిన కొడుకులు, భర్త డ్యూటీలో ఉన్నారని వచ్చిన భార్యలు, మా ఆఫీసు స్టాఫ్, ఆడిటర్ గారు, ఆయన అసిస్టెంట్లు, ఇంకా బాకీల వల్ల మా బైలా ప్రకారం ఓటు హక్కు పోయిన పదిమంది. అందరూ మనవాళ్లే, అందరికీ కాఫీ ఇచ్చాం. కానీ కోరంలో ఒక్కరూ లెక్కకు రారు. సహకార సంఘంలో ఒక సభ్యుడికి ఒక ఓటు, అదీ మనిషి స్వయంగా వచ్చి వేయాలి. కొడుకు వస్తే తండ్రి వచ్చినట్టు కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా సంఘాల్లో సంతకం పెట్టగానే స్టీలు డబ్బానో టిఫిన్ బాక్సో చేతికిస్తారు. మేమూ ఇచ్చేవాళ్లం. సంతకాలు వందా పది, హాల్లో మనుషులు యాభై. డబ్బా తీసుకుని నేరుగా బస్సెక్కేసేవాళ్లు. అలాంటప్పుడు ఒక సభ్యుడు లేచి “కోరం లేదండీ, మళ్లీ లెక్కపెట్టండి” అంటే ప్రెసిడెంటు గారు ఏం చూపిస్తారు? అప్పటినుంచి సంతకం దగ్గర టోకెన్ మాత్రమే ఇస్తున్నాం, డబ్బా సభ అయ్యాకే.

ఇక అరగంట సంగతి. ఈ మెసేజ్‌లో నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే. ఒక్క మాట ఒప్పుకోవాలి, అరగంట ఆగమనే నియమం అబద్ధం కాదు. చాలా బైలాల్లో ఉంది, మాలోనూ ఉంది. ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఈ మెసేజ్ రాసినాయన చదవలేదు. అరగంట ఆగాక కోరం లేకపోతే మా బైలా ప్రకారం ఆ సభ వాయిదా పడుతుంది. వాయిదా సభ ఎప్పుడు, ఎక్కడ అన్నది ప్రెసిడెంటు గారు అక్కడే ప్రకటించాలి, మినిట్స్‌లో రాయాలి. ఆ వాయిదా సభకు కోరం అక్కర్లేదు, నిజమే. కానీ అందులో మొదటి నోటీసులో ఉన్న అంశాలు తప్ప కొత్తది ఒక్కటి కూడా చేపట్టకూడదు. వాయిదా వేయడమూ, ఉన్నవాళ్లతో కానిచ్చేయడమూ ఒకటి ఎలా అవుతాయి? పైగా మన రాష్ట్రంలో కొన్ని సంఘాలు 1964 చట్టం కింద ఉంటే, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నాయి. ఏ సంఘం బైలా దానిది. అందరికీ ఒకే అరగంట పంచిపెట్టే హక్కు ఈయనకు ఎవరిచ్చారు?

దీని ఫలితం కళ్లారా చూశాను. మాకు దగ్గర్లోని ఒక సంఘంలో సరిగ్గా ఇలాగే అరగంట ఆగి, నలభై చిల్లర మందితో మొదలుపెట్టారు. జమాఖర్చులు అయ్యాక ‘ఇతర విషయాలు’ కింద తగరపువలస వైపు స్థలం కొనాలని తీర్మానం చేశారు. నోటీసులో స్థలం మాటే లేదు. మర్నాడే అడ్వాన్స్ కట్టేశారు. రాని సభ్యులకు తెలిసింది, సహకార శాఖకు ఫిర్యాదు వెళ్లింది. మినిట్స్ బుక్ తీస్తే హాజరు సంఖ్య రాసే చోట “తగిన కోరం కలదు” అని ఉంది, అంకె లేదు. ఆ తీర్మానం నిలబడలేదు. అమ్మినాయన అడ్వాన్స్ తిరిగి ఇవ్వనన్నాడు. రిటైరైన మనుషులు నెలనెలా కట్టుకున్న పొదుపు డబ్బు అది! “నోటీసులో ఉంటే నేను వచ్చి వద్దని చెప్పేవాణ్ణి కదా బాబూ” అని ఒక పెద్దాయన నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎజెండా ఎందుకు చదవాలో ఆయన్ని అడగండి, చెబుతారు. సభ్యుడు నోటీసు చూసుకునే రావాలో మానాలో తేల్చుకుంటాడు. డబ్బు, బైలా మార్పు, ఎవరినైనా తీసేయడం, ఇలాంటివి ‘ఇతర విషయాల్లో’ దూర్చడం అంటే రానివాడి నోరు నొక్కడమే. వీధి లైటు గురించో, పాస్‌బుక్ ఆలస్యం గురించో మాట్లాడుకోవడానికి ఉంది ఆ లైను.

మేమెలా మొదలుపెడతామో చెబుతాను. గుమ్మం దగ్గర ఓటర్ల జాబితాతో ఒక బల్ల, సభ్యత్వ నంబరు చూసి సంతకం. నోటీసులో ఉన్న టైముకి సెక్రటరీ సంతకాలు లెక్కపెట్టి, చీటీ మీద అంకె రాసి ప్రెసిడెంటు గారికి ఇస్తారు. ఆయన రాకపోతే ఉపాధ్యక్షుడు, ఇద్దరూ లేకపోతే సభ్యులు తమలో ఒకరిని కూర్చోబెడతారు. ఆయన మైకులో చెప్పే మొదటి మాట ఇది: “ఓటు హక్కున్న సభ్యులు 375, కావలసిన కోరం 75, ఇప్పుడు హాజరు ఇంత, సమయం ఇంత.” ఆ తర్వాతే పరిచయాలు. పాలకవర్గంలో ఎవరు ఏ పదవిలో ఉన్నారో చెప్పి, ఆడిటర్ గారిని మాత్రం విడిగా, ఆహ్వానితులుగా పరిచయం చేస్తారు. తర్వాత సెక్రటరీ నోటీసు, ఎజెండా వరస మార్చకుండా చదువుతారు. మొత్తం పదిహేను నిమిషాలు పట్టదు. పోయినసారి 61 దగ్గర ఆగిపోయినప్పుడు కూడా అదే చేశాం. పదిన్నరకు మళ్లీ లెక్కపెడితే 68. వాయిదా ప్రకటించి, రెండంకెలూ మినిట్స్‌లో రాసి, అక్కడున్న సభ్యుల్లో ఇద్దరి చేత సంతకం పెట్టించాం. తర్వాతి ఆదివారం అదే ఎజెండాతో కూర్చున్నాం.

ఆ మెసేజ్ పంపిన మా డైరెక్టర్ గారికి ఇదంతా ఫోన్లో చెప్పాను. “మరి మన బైలా కాపీ ఎక్కడుంది సార్?” అన్నారు. ఆఫీసు బీరువాలో, రెండో అరలో.