ఆత్రం కనబడని ఉత్తరం

ఆఫర్ లెటర్ వచ్చిందని ఇంటిల్లిపాదికీ కారం దోసెలు తినిపించిన రోజు మొదలు, కంపెనీ మన పూర్వాపరాలు ఆరా తీసే వెరిఫికేషన్ పూర్తయిందన్న కబురు అందేదాకా గడిచే కాలానికి మన పంచాంగకర్తలు ఇంతవరకు పేరు పెట్టకపోవడం శాస్త్రానికి పెద్ద లోటు. అది శూన్యమాసం కన్నా గడ్డుది, ఎందుకంటే శూన్యమాసం ఏ రోజున ముగుస్తుందో ముందే తెలుస్తుంది. ఈ కాలంలో అభ్యర్థి పాటించవలసిన వ్రతం ఒక్కటే: ఆత్రం ఎంతైనా పడవచ్చు, అది అవతలివారికి కనబడకూడదు.

మా మేనల్లుడు ఈ వ్రతాన్ని కడపలో, మే నెల ఎండలో, ఇరవై రెండు రోజులు పాటించాడు. పాత కంపెనీకి రాజీనామా ఇచ్చేశాడు, బెంగళూరు కంపెనీలో జూన్ 16న చేరాలి, మధ్యలో వెరిఫికేషన్ కదలడం లేదు. అప్పటికి హెచ్.ఆర్.కు నాలుగు మెయిళ్లు పంపాడు. మొదటిదానిలో వారి కుశలం అడిగాడు, రెండవది 'జెంటిల్ రిమైండర్', మూడవదానిలో ఆ జెంటిల్ పోయింది, నాలుగవది రాత్రి పదకొండున్నరకు వెళ్లింది. అన్నిటికీ 'ఇన్ ప్రోగ్రెస్' అన్న జవాబే వచ్చింది.

"మామా, మర్యాద చాల్లేదేమో?" అన్నాడు.

మర్యాద పొంగి పొర్లుతోంది, లేనిది ప్రశ్న. ఈ తనిఖీని హెచ్.ఆర్. స్వయంగా చేయదు, సాధారణంగా ఒక ఏజెన్సీకి అప్పగిస్తుంది. ఆ ఏజెన్సీ ఒకే మనిషిని చిరునామా, చదువు, పాత ఉద్యోగం, కోర్టు రికార్డు అని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క చోటికి పంపుతుంది. చిరునామా ముక్క మా వీధికి వచ్చినప్పుడు, అది పెండ్లి సంబంధపు విచారణ అనుకున్న పక్కింటి పెద్దాయన, "పిల్లోడు మంచోడు సార్, పొలం గూడా ఉండాది" అని అడగని ఆస్తి వివరాలు సైతం సమర్పించారు. ఆ ముక్క రెండు రోజుల్లో ముగిసింది. ఒక్కొక్కటి ఒక్కొక్క నడక నడిచే ఇన్ని ముక్కల గురించి 'ఎంతవరకు వచ్చింది' అని కలిపి అడిగితే, 'వస్తోంది' అనడం తప్ప పాపం హెచ్.ఆర్. మాత్రం ఏం చేయగలదు?

అయిదవ ఉత్తరంలో కుశలప్రశ్న తీసేయించి మూడు వాక్యాలు ఉంచాను. ఏ తనిఖీ ఆగింది, అది ఎవరి దగ్గర ఉంది, నా వైపు నుండి ఏదైనా పత్రం రావాలా? అభ్యర్థి నంబరు, చేరవలసిన తేదీ పైన వేయించి, ఉదయం పది తర్వాత పంపించాను. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది: చదువు తనిఖీ 'ఇన్‌సఫిషియెంట్', పత్రం సరిగా లేదని ఏజెన్సీ తొమ్మిది రోజుల క్రితమే అభ్యర్థికి రాసింది. వెదికితే ఆ మెయిల్ స్పామ్‌లో, రెండు లాటరీ బహుమతుల నడుమ పడి ఉంది.

నేరస్థురాలు లామినేషన్. ప్రాణంతో సమానమని ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ తొడిగించి, దానికి ట్యూబ్‌లైటు కింద సెల్‌తో ఫొటో తీశాడు. ఆ వెలుగు సరిగ్గా హాల్‌టికెట్ నంబరు చివరి రెండు అక్షరాల మీద పడి మెరిసింది. పరీక్షల విభాగం రికార్డు వెదికేది ఆ నంబరుతోనే కనుక, అది లేనిదే ఫైలు ఏజెన్సీ గడప దాటలేదు. లామినేషన్ చేయించని కన్సాలిడేటెడ్ మార్కుల మెమోను జిరాక్స్ కొట్టులో స్కాన్ చేయించి అదే రోజు పంపాడు.

ఇక్కడ మా బావ రంగప్రవేశం చేశాడు. "యూనివర్సిటీలో మనకు తెలిసిన క్లర్కు ఉండాడు, నేనే లెటర్ తీసుకొస్తా" అన్నాడు. జిల్లా మర్యాద ప్రకారం అది గొప్ప సహాయమే. కాని ధ్రువీకరణ విశ్వవిద్యాలయం నుండి నేరుగా ఏజెన్సీకి చేరాలి. అభ్యర్థి తండ్రి చేతి సంచీలో వచ్చిన కాగితం, అది ఎంత నిజమైనదైనా, కొత్త అనుమానానికి పనికొస్తుంది. ఏజెన్సీకి ఫోన్ చేయాలన్న ఆలోచననూ మాన్పించాను, ఎందుకంటే వారు జవాబుదారీ కంపెనీకే.

ఆ తర్వాత విశ్వవిద్యాలయం రుసుము అందుకొని, రికార్డు చూసి, తన తీరిక ప్రకారం జవాబిస్తుంది. దానిని ఏ ఉత్తరమూ తొందరపెట్టజాలదు. అందుకే వారం ఆగి రాసిన ఆరవ ఉత్తరంలో కొత్త సంగతి ఒకటి ఉండాలని పట్టుబట్టాను: "పాత కంపెనీలో నా చివరి రోజు జూన్ 12. ఈ ఒక్క తనిఖీ మిగిలి ఉన్నా 16న చేర్చుకుంటారా, తేదీ మారుస్తారా? దయచేసి మెయిల్‌లో తెలపండి." కొన్ని కంపెనీలు హామీపత్రం రాయించుకొని చేర్చుకుంటాయి, కొన్ని చేర్చుకోవు; ఆఫర్ లెటర్‌లోనే వెరిఫికేషన్ షరతు ఉంటుంది కనుక నోటిమాటను నమ్ముకోలేము. ఆ ప్రశ్నలో భయం ఎంత ఉన్నా, చదివేవారికి మాత్రం అది సీటూ లాప్‌టాప్ ఏర్పాట్ల వ్యవహారంలాగే కనబడుతుంది.

హామీపత్రం మీద 16ననే చేరాడు, చదువు తనిఖీ తర్వాత ముగిసింది. కృతజ్ఞతల మెయిల్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు పెడితే రెండు కొట్టేశాను. మా బావ మాత్రం క్లర్కు నంబరు ఇంకా సెల్‌లో దాచుకునే ఉన్నాడు, చిన్నవాడి వెరిఫికేషన్‌కు పనికొస్తుందని.