సీపీయూ 12 శాతమేనట, కాబట్టి సర్వర్ బాగుందట!

ఇప్పుడే కాల్ కట్ చేశాను, ఇంకా తల వేడిగానే ఉంది. పదో తరగతి ఫలితాలు వదిలిన కాసేపటికే మా ఫలితాల సైట్ తెరుచుకోవడం మానేసింది. దానికి మా పెద్దసార్ తీర్పు: "సీపీయూ 12 శాతమే ఉంది, లాగ్స్‌లో ఒక్క ఎర్రర్ లేదు. సర్వర్ బాగుంది, పిల్లల దగ్గరే నెట్ స్లో అయ్యుంటుంది." అందరికీ ఒకేసారి, సరిగ్గా ఫలితాల టైమ్‌కే స్లో అయిందట. ఎంత క్రమశిక్షణో చూడండి.

సార్, ఆ లాగ్ రాసేది అప్లికేషన్. గుమ్మం దగ్గరే ఆగిపోయినవాడి పేరు లోపలి రిజిస్టర్‌లో ఎలా ఉంటుంది? కనెక్షన్ కావాలని బ్రౌజర్ పంపిన సిన్ ప్యాకెట్ ముందు సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ దగ్గర సిన్ క్యూలో పడుతుంది. హ్యాండ్‌షేక్ పూర్తయ్యాక యాక్సెప్ట్ క్యూలోకి వెళ్తుంది. అప్లికేషన్ `accept()` పిలిచి తీసుకునేదాకా అక్కడే కూర్చుంటుంది. ఆ క్యూలో చోటు లేక కెర్నల్ పారేసిన కనెక్షన్ల సంగతి అప్లికేషన్‌కి అసలు తెలియదు.

మా కంటైనర్‌లో గునికార్న్ అనే పైథాన్ వెబ్ సర్వర్, ఒకసారికి ఒక్క పనే చేసే 8 సింక్ వర్కర్లతో నడుస్తోంది. లోడ్ మీద ఒక్కో హాల్‌టికెట్ నంబర్‌కి డేటాబేస్ జవాబివ్వడానికి అర సెకను పడుతోంది. అంటే సెకనుకి 16 మందికి మించి పని జరగదు. వచ్చేది సెకనుకి 300 పైనే. గునికార్న్ యాక్సెప్ట్ క్యూలో 2048 మందికి చోటు అడుగుతుంది కానీ కెర్నల్ దాన్ని `somaxconn` అనే తన గరిష్ఠ పరిమితి దగ్గర కత్తిరిస్తుంది. లైనక్స్ 5.4 నుంచి దాని డిఫాల్ట్ 4096 అయింది, అంతకుముందు 128. మాది ఏ కాలం కెర్నలో మీరే ఊహించండి. అర సెకనులో క్యూ నిండింది. వర్కర్లందరూ డేటాబేస్ కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు కాబట్టే సీపీయూ ఖాళీగా ఉంది! కంటైనర్ లోపలికి వెళ్లి చూస్తే ఇదీ:

```
$ ss -lnt
State   Recv-Q  Send-Q  Local Address:Port
LISTEN  129     128     0.0.0.0:8000
```

లిజన్ సాకెట్‌కి Send-Q అంటే క్యూ పరిమితి, Recv-Q అంటే ఇప్పుడు అందులో ఉన్నవాళ్లు. 128కి 129 ఏంటని ఒకాయన అక్కడికీ ఎగతాళి చేశాడు. పరిమితి దాటాకే నిండిందని కెర్నల్ లెక్క, అందుకే ఒకటి ఎక్కువ పడుతుంది. `nstat -az TcpExtListenOverflows` కొట్టిన ప్రతిసారీ అంకె పెరుగుతూనే ఉంది. క్యూ నిండాక కెర్నల్ కొత్త సిన్‌ని చప్పుడు లేకుండా పారేస్తుంది. బ్రౌజర్ 1 సెకను ఆగి మళ్లీ పంపుతుంది, తర్వాత ఇంకో 2 సెకన్లు, ఆ తర్వాత 4. కనెక్ట్ అవడానికి పట్టే టైమ్ 1, 3, 7 సెకన్ల దగ్గర గుంపుగా కనిపిస్తే మీ నెట్‌వర్క్ టీమ్‌ని తిట్టకండి, క్యూ చూడండి.

ఇంతలో ఎవరో కెర్నల్ సందేశాలు చూపించే `dmesg`లో "Possible SYN flooding on port 8000" చూశారు. ఇక పండగే. హ్యాకర్లట! ఫైర్‌వాల్ వాళ్లని కాల్‌లోకి లాగారు. సిన్ క్యూ నిండితే చాలు కెర్నల్ ఆ మాట రాస్తుంది, వచ్చింది దాడో పదో తరగతి పిల్లలో దానికేం తెలుసు? సిన్ కుకీలు ఆన్‌లోనే ఉన్నాయి కదా అని ఇంకొకరు. అవి సిన్ క్యూ నిండితే, అందులో చోటు తీసుకోకుండానే జవాబిచ్చి ఆదుకుంటాయి. యాక్సెప్ట్ క్యూ నిండితే కుకీ ఉన్నా సిన్ చెత్తబుట్టలోకే.

చివరికి ఒక మేధావి ఎక్కడో చదివి `somaxconn` 65535 చేసేశాడు. హోస్ట్ మీద! కంటైనర్‌కి దాని నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ దానిది, లోపల 128 అలాగే ఉంది. లోపల మార్చినా సర్వీస్ మళ్లీ `listen()` పిలిచేదాకా అంతే. పోనీ అన్నీ సరిగ్గా చేసి 2048 క్యూ ఇచ్చాం అనుకుందాం. సెకనుకి 16 చొప్పున చివరివాడి వంతు రావడానికి 128 సెకన్లు. రెండు నిమిషాలు ఏ పిల్లవాడు ఆగుతాడు? రిఫ్రెష్ కొడతాడు. వాడు వదిలేసి వెళ్లిన పాత కనెక్షన్‌ని మా వర్కర్ శ్రద్ధగా తీసుకుని, డేటాబేస్‌ని అడిగి, ఎవరూ లేని చోటికి మార్కులు పంపిస్తాడు.

అసలు నా మంట వేరే. ఫలితాలు వదిలాక మార్కులు మారవు. రీవాల్యుయేషన్ సంగతి తర్వాత. ప్రతి క్లిక్‌కీ డేటాబేస్ దాకా ఎందుకు, ఒక్కో హాల్‌టికెట్‌కి ఒక ఫైల్ ముందే తయారుచేసి ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్‌తో ఇచ్చేద్దాం అని పోయినేడాది మీటింగ్‌లో నోరు నొప్పెట్టేలా చెప్పాను. "ఓవర్ ఇంజినీరింగ్ వద్దు బాబూ, నడుస్తోంది కదా" అన్నారు. కెర్నల్ అప్‌గ్రేడ్ అడిగినా అదే జవాబు. హోమ్ పేజీలో మంత్రిగారి ఫొటో పక్కకి జరపడానికి మాత్రం రాత్రికి రాత్రే అప్రూవల్ వచ్చింది.

రేపు రిపోర్ట్ ఇవ్వాలట. కారణం దగ్గర "అనుమానాస్పద ట్రాఫిక్" అని రాయమంటున్నారు. ర్యామ్ రెట్టింపు చేయడానికి కొటేషన్ కూడా అప్పుడే అడిగేశారు.