పొట్ట మీద బొమ్మ, తుమ్మెద నాదం
“పడుకునే ముందు పిల్లల చేత 10 దీర్ఘశ్వాసలు తీయిస్తే చాలు, నెమ్మదిస్తారు” అని చాలామంది చెబుతుంటారు. మా ఏడేళ్ల అబ్బాయి విషయంలో ఇది తారుమారైంది. వాడు భుజాలు ఎగరేసి, ఛాతీ పొంగించి గబగబా పీల్చి, కాసేపటికే తల తిరుగుతోందని చెప్పి, మళ్లీ మంచం మీద గంతులు వేశాడు. ఊపిరి వదిలేటప్పుడే గుండె వేగం కాస్త తగ్గుతుంది కనుక, తీయడం కంటే వదలడాన్ని పొడిగించాలని నాకు తరువాత అర్థమైంది. ఇప్పుడు నల్లగొండలోని మా ఇంట్లో రాత్రి 8.30కు పెద్ద లైటు ఆర్పి, ముందుగా వాడిని మోకాళ్లు మడిచి కూర్చుని ముందుకు వంగే శశాంకాసనంలో, నుదురు దిండుకు ఆనేలా, ఒక నిమిషం ఉంచుతాను. ఆ తరువాత వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చిన్న గుడ్డబొమ్మను పెట్టి, దానికి మెలకువ రాకుండా ఊపాలని చెబుతాను. బొమ్మ మెల్లగా లేచి దిగుతుంటే శ్వాస సరిగా సాగుతున్నట్టు, పక్కకు జారిపడితే వాడు బలవంతంగా పీలుస్తున్నట్టు. చివరగా నోరు మూసుకుని తుమ్మెదలా ‘మ్‌’ అంటూ ఐదారు సార్లు ఊపిరి వదలమంటాను. ఆ నాదమే నిశ్వాసను సాగదీస్తుంది, అంకెలు లెక్కపెట్టించే పని ఉండదు. ఊపిరి బిగబట్టడం మాత్రం ఈ వయసులో నేను చేయించను. జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజున తుమ్మెద ఆట మానేసి, బొమ్మతోనే సరిపెడతాం.