కార్డు తన సైజు తానే చెప్పుకుంటుంది: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

"మెమరీ కార్డు, పెన్ డ్రైవ్ కొనేవాళ్లు తప్పక చదవండి! 128 జీబీ అని రాసి 119 మాత్రమే చూపిస్తే అది డూప్లికేట్. పూర్తి సైజు చూపించి, ఒక సినిమా ఎక్కిస్తే ఆడితే ఒరిజినల్. తేడా వస్తే ఒకసారి ఫార్మాట్ కొట్టండి, సరిపోతుంది. కార్డు మీద 10 అంకె, యు3 గుర్తు ఉంటే స్పీడుకి ఢోకా లేదు. పెద్ద ఆన్‌లైన్ సైట్‌లో కొంటే నకిలీ రానే రాదు. అందరికీ షేర్ చేయండి."

మొదటి వాక్యాన్ని నమ్మినవారు మంచి కార్డును తిప్పి పంపేస్తారు. కార్డులు తయారుచేసే సంస్థలు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కించి ముద్రిస్తాయి. విండోస్ మాత్రం 1,07,37,41,824 బైట్లు అయితేనే ఒక జీబీ అంటుంది. 128 వందల కోట్ల బైట్లను ఆ పెద్ద కొలతతో భాగిస్తే 119.2 వస్తుంది. ఇదే లెక్కన 64 జీబీ కార్డు 59.6గా, 32 జీబీ కార్డు 29.8గా కనిపిస్తాయి. కొన్ని పెన్ డ్రైవ్‌లలో తయారీదారు కొంత చోటు లోపలి అవసరాలకు పక్కన పెడతాడు కాబట్టి 64కు 57 చూపినా అనుమానించనక్కరలేదు. కొన్ని ఫోన్లు వంద కోట్ల లెక్కనే పాటించి 128 అనే చూపిస్తాయి. అసలు గమనించవలసిన సంగతి ఏమిటంటే, బాగా తయారైన నకిలీ కార్డు కూడా సరిగ్గా 119 అనే చూపిస్తుంది. ఆ అంకె రెండు వైపులా దేనికీ రుజువు కాదు.

రెండో వాక్యమే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, కనుక దాని దగ్గర కొంతసేపు ఆగుతాను. గోరంత మైక్రో ఎస్‌డీ కార్డులో సమాచారం దాచే ఫ్లాష్ చిప్ ఒక్కటే ఉండదు, దాన్ని నడిపే చిన్న కంట్రోలర్ కూడా ఉంటుంది. అది ఒక చిన్న కంప్యూటరే. దానిలో నడిచే ప్రోగ్రామును మార్చి రాయడం సాధ్యమేనని 2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ ప్రదర్శించి చూపారు. ఫోన్ గానీ కంప్యూటర్ గానీ కార్డులోని చోటును కొలిచి చూడవు. "నీలో ఎంత చోటుంది?" అని ఈ కంట్రోలర్‌ను అడిగి, అది చెప్పినదాన్నే తెర మీద చూపిస్తాయి. నకిలీలు తయారుచేసేవారు 8 జీబీ చిప్పు పెట్టి, 128 అని చెప్పమని కంట్రోలర్‌కు నేర్పి, పైన పేరున్న సంస్థ లేబులు ముద్రిస్తారు.

ఇక ఎనిమిది దాటాక ఏమవుతుంది? అది ఆ మోసగాడు రాసిన ప్రోగ్రామును బట్టి ఉంటుంది. కొన్ని కార్డులు కొత్తగా వచ్చిన సమాచారాన్ని మళ్లీ మొదటి నుంచి రాసుకుంటూ పోయి పాత ఫోటోలను చెరిపేస్తాయి. మరికొన్ని వచ్చినదాన్ని ఎక్కడా రాయకుండా "రాశాను" అని మాత్రం జవాబిస్తాయి. రెండో రకం మరింత మోసకారి. ఏ ఫైలు పేరేమిటి, దాని పరిమాణం ఎంత అన్న పట్టిక సాధారణంగా కార్డు మొదటి భాగంలోనే ఉంటుంది, ఆ భాగం నిజంగానే పనిచేస్తుంది. అందుచేత పేర్లన్నీ కనిపిస్తాయి, పరిమాణాలు సరిగ్గా ఉంటాయి, కాపీ అయ్యేటప్పుడు తప్పు జరిగిందన్న హెచ్చరిక ఒక్కటీ రాదు. తెరిచి చూసినప్పుడే లోపల ఏమీ లేదని తెలుస్తుంది. ఒక సినిమా రెండు జీబీలు ఉంటుందనుకుంటే, అది ఆ నిజమైన ఎనిమిదిలోనే హాయిగా కూర్చుంటుంది. అది ఆడిందంటే రుజువైనది ఆ రెండు జీబీలే.

మా చిన్నాన్నకు జరిగినది ఇదే. మా చెల్లెలి పెళ్లయ్యాక ఫోన్ నిండిపోయిందని ఆయన ఆన్‌లైన్‌లో 350 రూపాయలు పెట్టి 128 జీబీ కార్డు కొన్నారు. ముందు రెండు పాత సినిమాలు ఎక్కించి చూశారు, చక్కగా ఆడాయి. ఆ నమ్మకంతో వాటిని తీసేసి, ఫోన్‌లోని పెళ్లి ఫోటోలు, వీడియోలు నలభై జీబీల దాకా కార్డులోకి కాపీ చేసి, ఫోన్‌లో చెరిపేశారు. మూడు వారాల తరువాత చూసుకుంటే మంగళస్నానాలు, ఎదురుకోలు వరకే తెరుచుకున్నాయి. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్నిటి స్థానంలోనూ బూడిదరంగు గళ్లే మిగిలాయి. కార్డు నా చేతికి వచ్చాక తెరుచుకుంటున్న ఫైళ్లను వేరే చోటికి తీసి భద్రపరిచి, H2testw అనే ఉచిత ప్రోగ్రాముతో పరీక్షించాను. ఫలితంలో ముఖ్యమైన పంక్తులు ఇవి:

```
The media is likely to be defective.
7.4 GByte OK
111.7 GByte DATA LOST
Writing speed: 9.2 MByte/s
```

పోయినవాటిని వెలికితీసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని చిన్నాన్న పదే పదే అడిగారు. చెరిగిపోయినదాన్ని కొన్నిసార్లు తిరిగి తీయవచ్చు గానీ, అసలు ఎక్కడా రాయబడని దాన్ని తీయడానికి చోటంటూ లేదని ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఈ పరీక్షలోని కిటుకు సరళమైనది. జర్మన్ పత్రిక సీటీ తరఫున వచ్చిన ఆ ప్రోగ్రాము కార్డు నిండేదాకా ఒక్కొక్క జీబీ పరిమాణంలో ఫైళ్లను రాస్తుంది. ప్రతి ఫైలులోని సమాచారం వేరువేరుగా ఉంటుంది. తరువాత అన్నిటినీ తిరిగి చదివి, రాసినదే ఉందా అని పోల్చుతుంది. కార్డును ఖాళీ చేసి, ప్రోగ్రాము తెరిచి, మొదట భాషను `English`కు మార్చుకుని, `Select target` నొక్కి కార్డును ఎంచుకుని, `all available space` గుర్తు ఉందని చూసుకుని `Write + Verify` నొక్కాలి. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో ఇదే పనిని ఎఫ్3 అనే ప్రోగ్రాము చేస్తుంది. కార్డు ఏ దారిలో కనిపిస్తుందో ఆ దారిని ఇవ్వాలి:

```
f3write /media/card
f3read /media/card
```

రెండు ఆదేశాల మధ్య కార్డును ఒకసారి తీసి పెట్టడం మంచిది. లేకపోతే కంప్యూటర్ తన జ్ఞాపకంలో మిగిలిన ప్రతిని చూసి జవాబు చెప్పే అవకాశం ఉంటుంది. ఓపిక మాత్రం కావాలి. చిన్నాన్న కార్డు రాయడానికే మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి అయిపోతుంది.

మూడో సలహా గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. మామూలుగా మనం చేసే క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. కంట్రోలర్ ప్రోగ్రాము జోలికి అది పోదు, కాబట్టి అబద్ధం అలాగే ఉంటుంది. విండోస్‌లో పూర్తి ఫార్మాట్ చేస్తే కార్డంతటా సున్నాలు రాస్తారు కదా, అక్కడైనా బయటపడదా అని కొందరు అడుగుతారు. అంతటా ఒకే సున్నా రాసినప్పుడు, ఒక చోట రాసిన సున్నా మరో చోటి సున్నాను చెరిపినా తేడా కనబడదు. పై పరీక్షలు ప్రతి చోటా వేరు సమాచారం రాయడానికి కారణం ఇదే.

వేగం గుర్తుల మాటకు వస్తే, వాటికి ఖచ్చితమైన అర్థం ఉన్నది. వలయంలో 10 అంకె ఉంటే వరుసగా రాసేటప్పుడు సెకనుకు కనీసం 10 ఎంబీ వేగం నిలబడాలి. యు3, వి30 గుర్తులకు ఆ కనీసం 30 ఎంబీ. పక్కనే పెద్ద అక్షరాలతో 150, 170 అని ముద్రించేది చదివే వేగంలో గరిష్ఠం మాత్రమే. కార్డుకూ రీడర్‌కూ మధ్య సమాచారం నడిచే యూహెచ్ఎస్-1 మార్గపు పరిమితి సెకనుకు 104 ఎంబీ కనుక, అంతకు మించిన ఆ వేగం కంపెనీ సొంత పద్ధతి తెలిసిన రీడర్‌లోనే వస్తుంది, మామూలు రీడర్‌లో రాకపోతే కార్డు నకిలీదని కాదు. కానీ ఈ గుర్తులన్నీ కాగితం మీద సిరా వంటివే, ఎవరైనా ముద్రించుకోవచ్చు. చిన్నాన్న కార్డు మీద యు3 ఉంది, రాసిన వేగం 9.2. యూఎస్‌బీ 3 రీడర్‌లో పెట్టి చూశాను కాబట్టి ఆ తప్పు కార్డుదేనని చెప్పగలను. యూఎస్‌బీ 2 రీడర్ ఆచరణలో 30, 40 ఎంబీలు దాటదు, కనుక దానిలో వేగం తగ్గితే కార్డును నిందించడం న్యాయం కాదు. ఈ వేగం పరీక్ష మరో రకం నకిలీని కూడా పట్టిస్తుంది: సామర్థ్యం నిజంగానే 128 ఉండి, నాసిరకం కార్డుకు పేరున్న సంస్థ లేబులు అంటించినది. సైజు పరీక్షలో అది దర్జాగా గట్టెక్కుతుంది.

ముద్రలోనే దొరికిపోయే నకిలీలు కూడా ఉన్నాయి. ఎస్‌డీహెచ్‌సీ రకం 32 జీబీకి మించదు, ఆపైన 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ. కాబట్టి 64 లేదా 128 అని రాసి ఎస్‌డీహెచ్‌సీ గుర్తు వేసి ఉంటే పరీక్షే అవసరం లేదు. యూఎస్‌బీ 3 అని చెప్పే మామూలు వెడల్పాటి పెన్ డ్రైవ్ మూతిలో ముందున్న నాలుగు లోహపు రేకులకు వెనుక మరో ఐదు ఉండాలి. లోపల ప్లాస్టిక్ నీలంగా ఉన్నంత మాత్రాన చాలదు.

చివరి మాట నిజమై ఉంటే ఎంత బాగుండేదో. మన దేశపు విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం విదేశీ పెట్టుబడి ఉన్న అమ్మకపు వేదికలు తమ సొంత సరుకు అమ్మకూడదు, సంత నడపాలి. అంటే సైటు పేరు ఒకటి, మీకు అమ్మేవాడు మరొకడు. వస్తువు సైటు గిడ్డంగి నుంచి వచ్చినా దాన్ని అక్కడికి చేర్చింది ఆ అమ్మకందారే. అందుచేత చూడవలసింది వస్తువు పేజీలోని అమ్మకందారు పేరు. 2020 నాటి ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం అతని పేరు, చిరునామా, వస్తువు ఏ దేశంలో తయారైనదన్న వివరం అక్కడ ఉండాలి. కార్డు సంస్థ తన వెబ్‌సైటులో అధీకృత విక్రేతల జాబితా పెట్టి ఉంటే ఆ పేరును దానితో పోల్చుకోవాలి. దిగుమతి సరుకు ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి లేకపోతే దాన్ని విప్పకుండానే తిప్పి పంపడం మేలు. ఐదు నక్షత్రాల సమీక్షలను ఈ ఒక్క వస్తువు విషయంలో నేను లెక్కలోకి తీసుకోను. చాలామంది కార్డు పెట్టి, 119 చూసి, అదే రోజు సంతోషంగా నక్షత్రాలు ఇచ్చేస్తారు. ఎనిమిది జీబీలు నిండేసరికి వారాలు గడుస్తాయి.

అందుకే పరీక్షను తిప్పి పంపే గడువు లోపలే ముగించాలి. చిన్నాన్న కార్డుకు గడువు ఏడు రోజులు, మేము కనుక్కున్నది ఇరవై ఆరో రోజున. పరీక్ష ఫలితం తెర బొమ్మ, బిల్లు, కార్డు రెండు వైపుల ఫోటోలు జతచేసి ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాశాం. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలని ఆ 2020 నిబంధనలలోనే ఉంది. అక్కడ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయవచ్చు. మాకు ఆ అవసరం రాలేదు, పద్దెనిమిదో రోజున 350 రూపాయలు తిరిగి వచ్చాయి. తలంబ్రాల వీడియో మాత్రం పెళ్లికొడుకు వైపు చుట్టాల ఫోన్లలో ఉన్నంతవరకే దొరికింది.