యాంటిజన్ మలచదు, ఎంచుకుంటుంది

"యాంటిజన్ ఒంట్లోకి వచ్చాక దాని ఆకారాన్ని చూసే కదా కణం తన యాంటీబాడీని తయారు చేసుకునేది?" – పై వ్యాఖ్యలో ఒక పాఠకుడు

కాదండీ, వరుస దీనికి తలకిందులు. యాంటిజన్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థ గుర్తుపట్టే పరాయి పదార్థం; దానికి అతుక్కునే ప్రోటీనే యాంటీబాడీ. ఎముక మజ్జలో బి లింఫోసైట్ అనే తెల్ల రక్తకణం రూపొందేటప్పుడే దాని జన్యుఖండాలు యాదృచ్ఛికంగా అతుక్కుని, ఏ క్రిమినీ చూడకముందే, యాంటిజన్‌ను పట్టుకునే ఒకే రకం గ్రాహకం ఆ కణం ఉపరితలంపై దాదాపు లక్ష ప్రతులుగా వెలుస్తుంది. యాంటిజన్ చేసేది తనకు అతికిన కణాన్ని పట్టుకోవడం మాత్రమే. అలా చిక్కిన కణం, సాధారణంగా సహాయక టి కణం అనే మరో రక్షణ కణం తోడ్పాటు కూడా అందితేనే, విభజన చెందుతూ వారం రోజుల్లో వేల కణాల వంశంగా పెరుగుతుంది. వాటిలో ఎక్కువ భాగం అదే గ్రాహకాన్ని యాంటీబాడీలుగా స్రవించే ప్లాస్మా కణాలై చాలావరకు కొద్ది రోజుల్లో నశిస్తాయి; కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి నిలుస్తాయి. తొలిసారి వారానికి పైగా పట్టిన స్పందన రెండోసారి మూడు నాలుగు రోజుల్లోనే కనబడడానికి ఒక ముఖ్య కారణం, అప్పటికే ఆ వంశం సంఖ్యలో పెద్దదై ఉండడం.

రోగనిరోధక శాస్త్రవేత్త బర్నెట్ 1957లో క్లోనల్ సెలెక్షన్ అనే ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన మరుసటి ఏడాదే పరిశోధకులు నొసాల్, లెడర్‌బర్గ్ దీన్ని పరీక్షకు పెట్టారు. రెండు రకాల సాల్మొనెల్లా బ్యాక్టీరియా యాంటిజన్లు ఇచ్చిన ఎలుకల నుంచి ఒక్కొక్క కణాన్ని విడదీసి, సూక్ష్మమైన బిందువుల్లో ఉంచి, ఈదే ఆ రెండు రకాల బ్యాక్టీరియాను వాటిలోకి వదిలారు; తగిన యాంటీబాడీ అతుక్కుంటే బ్యాక్టీరియా కదలిక ఆగిపోతుంది. కదలికను ఆపిన ప్రతి కణమూ ఒక రకం బ్యాక్టీరియానే ఆపింది, రెండింటినీ ఆపినది ఒక్కటీ లేదు. మీరన్నట్టు కణం యాంటిజన్‌ను చూసి నేర్చుకునేదే అయితే, రెండూ నేర్చిన కణాలు కొన్నైనా కనబడి ఉండాలి.